అద్దె బేరం: ఉన్న ఇంట్లోనే ఉంటూ అద్దె తగ్గించుకోవడం, మరమ్మతులు చేయించుకోవడం

హైదరాబాద్‌లో ఒక ఇంటికి అద్దె బేరం రెండుసార్లు వస్తుంది. టు-లెట్ బోర్డు చూసి గేటు తట్టిన రోజు జరిగేది మొదటిది, అందరికీ తెలిసింది అదే. అగ్రిమెంటు గడువు ముగిసే ముందు ఇంటి ఓనరు ఫోన్ చేసి 'ఈసారి రెండు వేలు పెంచుతున్నామండీ' అన్నప్పుడు జరగాల్సింది రెండోది. ఇది చాలా ఇళ్లలో జరగదు. అద్దెకున్నవాళ్లు భార్యాభర్తలిద్దరూ రాత్రి కూర్చుని లెక్కలేసుకుని, పిల్లల స్కూలు గుర్తొచ్చి, అడిగినంత ఇచ్చేస్తారు. లేదంటే మాట పడలేక ఇల్లు మారతారు. అద్దెదారుకు ఎక్కువ బలం ఉండేది మాత్రం ఈ రెండో బేరంలోనే. మొదటిసారి అతను ఓనరుకు ముక్కూమొహం తెలియని మనిషి. ఇప్పుడు ప్రతి నెలా ఐదో తేదీలోపు డబ్బు వేసే మనిషి, గోడలకు ఎడాపెడా మేకులు కొట్టని మనిషి, పక్క ఫ్లాటు వాళ్లతో గొడవ పడని మనిషి. ఆ నమ్మకానికి ఒక ధర ఉంది. దాన్ని రూపాయల్లో లెక్కకట్టి చెప్పగలిగినవాళ్లు అద్దె పెరగకుండా ఆపుకుంటారు, ఇంట్లో పెండింగులో ఉన్న పనులూ చేయించుకుంటారు.

ఈ బేరం ఏటా తిరిగి రావడానికి కారణం 11 నెలల అగ్రిమెంటు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి దేశమంతా 11 నెలలకే రాసుకుంటారు. కాబట్టి 11 నెలలకోసారి అద్దె మాట మళ్లీ మొదటికొస్తుంది. అయితే మాట్లాడబోయే ముందు పాత అగ్రిమెంటును ఒకసారి తీసి చదవడం అవసరం. 'రెన్యువల్‌కు అద్దె 5 శాతం పెరుగుతుంది' అనో, '10 శాతం' అనో అందులో ఉంటుంది. పదికి సంతకం పెట్టిన మనిషి 'ఎందుకు పెంచుతున్నారు' అని నిలదీయలేడు, తగ్గించమని అడగగలడు. ఐదుకు సంతకం పెట్టిన ఓనరు పది అడిగితే మాత్రం అద్దెదారుకు ఆ కాగితం ఒక్కటే చాలు.

ఖాళీ ఇంటి ఖరీదు

ఓనరు మనసులో ఉండే లెక్క ఒకటి, అతను వేసుకోవాల్సిన లెక్క మరొకటి. అంకెల కోసం ఒక ఇంటిని ఊహించుకుందాం. నిజాంపేటలో డబుల్ బెడ్రూం ఫ్లాటు, మూడో అంతస్తు, నాలుగేళ్లుగా ఒకే కుటుంబం ఉంటోంది. అద్దె 20,000, మెయింటెనెన్స్ 2,500. ఓనరు 22,000 అడిగాడు. అంటే ఏడాదికి అతనికి అదనంగా వచ్చేది 24,000.

ఆ కుటుంబం వెళ్లిపోతే ఏమవుతుంది? రంగులు వేయించడానికి వారం పడుతుంది. తర్వాత ఇల్లు చూపించడం, వచ్చినవాళ్లు వాస్తు చూసుకోవడం, అడ్వాన్సు ఇచ్చి మంచిరోజు కోసం ఆగడం. ఎంత త్వరపడినా నెల ఖాళీ ఉంటుందనుకుంటే అక్కడ 20,000 పోయింది. ఇల్లు ఖాళీగా ఉన్నా అపార్టుమెంటు అసోసియేషన్ మెయింటెనెన్స్ వదలదు, అది మరో 2,500. బ్రోకరుకు సగం నెల అద్దె ఇస్తే 10,000. రంగుల ఖర్చు పాత అద్దెదారు అడ్వాన్సులోంచి పట్టుకున్నాడనే అనుకుందాం, దాన్ని వదిలేద్దాం. అయినా మొత్తం 32,500 తేలింది. నెలకు రెండు వేలు ఎక్కువిచ్చే కొత్త అద్దెదారు దొరికినా ఆ నష్టం పూడటానికి 16 నెలలు దాటుతుంది. అదే పాత కుటుంబం తనంతట తాను 21,000 ఇస్తానంటే ఓనరు కొట్లాడాల్సింది మిగిలిన వెయ్యి కోసమే. ఆ వెయ్యి కోసం ఇల్లు ఖాళీ చేయిస్తే పెట్టిన ఖర్చు రాబట్టుకోవడానికి రెండున్నరేళ్లు దాటుతుంది.

ఈ అంకెలు ఓనరు ముందు పరిచి వాదించాల్సిన పని లేదు. అద్దెదారు తన దగ్గర పెట్టుకోవాలి. ఎంతవరకు అడగవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది వీటితోనే తెలుస్తుంది. అలాగే తన వైపు లెక్క కూడా నిజాయితీగా వేసుకోవాలి. సామాను తరలించే లారీ, కొత్త ఇంటికి రెండు నెలల అడ్వాన్సు, పాత అడ్వాన్సు చేతికొచ్చేదాకా సర్దుబాటు, స్కూలు వ్యాను దారి మారడం, ఇంటర్నెట్టు, గ్యాసు. ఇల్లు మారితే అద్దెదారుకూ ఏ పాతిక వేలో ఖర్చు ఉందని ఓనరుకు తెలుసు. అందుకే ఉత్తుత్తి బెదిరింపు పనిచేయదు. ఇద్దరికీ నష్టమే కాబట్టి ఇద్దరూ మాట్లాడుకోవడానికి చోటుంది.

తెలుగువాళ్ల ఇళ్ల విషయంలో కాలం కూడా బేరంలో పాల్గొంటుంది. ఆషాఢంలో కొత్త ఇంట్లో పాలు పొంగించేవాళ్లు తక్కువ. భాద్రపదంలో, పుష్యంలో కూడా అంతే. జూన్ చివర్లోనో జూలైలోనో ఖాళీ అయిన ఇల్లు శ్రావణం వచ్చేదాకా తాళం వేసి ఉండే అవకాశం ఎక్కువ. స్కూళ్లు తెరిచాక కుటుంబాలు కదలడం కూడా తగ్గుతుంది. దీనికి పూర్తిగా ఎదురు ఏప్రిల్, మే నెలలు. బదిలీలు, అడ్మిషన్లు, సెలవులు అన్నీ అప్పుడే కాబట్టి బోర్డు పెట్టిన వారంలో ఇల్లు పోతుంది. అగ్రిమెంటు మేలో ముగిసేవాళ్లు బేరంలో బలహీనులు. వాళ్లు ఒకసారి అగ్రిమెంటును రెండు నెలలు తక్కువగా రాయించుకుంటే గడువు తేదీ ఆ నెలల నుంచి బయటపడుతుంది. పైసా ఖర్చు లేని ఈ మార్పును అడిగేవాళ్లు చాలా అరుదు.

మార్కెట్ ఆధారం అంటే ఏది?

'చుట్టుపక్కల తక్కువకే ఇస్తున్నారు' అనేది ఆధారం కాదు. ఆ మాట ప్రతి ఓనరూ విని ఉంటాడు. వెబ్‌సైట్లలో కనిపించే అద్దె కూడా సగం ఆధారమే, ఎందుకంటే అది ఓనరు అడుగుతున్న ధర మాత్రమే. చివరికి కుదిరిన ధర దానికన్నా కింద ఉండవచ్చు. అన్నిటికన్నా గట్టి ఆధారం అదే బిల్డింగులో గత మూడు నాలుగు నెలల్లో చేరిన కుటుంబం ఇస్తున్న అద్దె. అది వాచ్‌మన్‌కు తెలుసు, ఇల్లు చూపించింది అతనే. లిఫ్టులో కలిసిన కొత్తవాళ్లను మర్యాదగా అడిగితే వాళ్లూ చెబుతారు.

పోల్చేటప్పుడు ఇళ్ల మధ్య తేడాలు తీసేయాలి. కారు పార్కింగ్ ఉందా, కిచెన్‌లో కప్‌బోర్డులు ఉన్నాయా, మంజీరా నీళ్లు వస్తాయా లేక బోరు మీదే ఆధారపడాలా, లిఫ్టు ఉందా అన్నవాటితో అద్దె మారిపోతుంది. చాలామంది మర్చిపోయేది మెయింటెనెన్స్. 19,500 అద్దె, 3,500 మెయింటెనెన్స్ ఉన్న ఇల్లు 20,000 అద్దె, 2,500 మెయింటెనెన్స్ ఉన్న ఇంటికన్నా ఖరీదైనదే. వేసవిలో ట్యాంకర్లు తెప్పించే బిల్డింగుల్లో ఆ ఖర్చును వేరుగా పంచుతారు, దాన్నీ కలుపుకోవాలి.

మన నిజాంపేట కుటుంబం ఇలా మూడు ఇళ్లు సేకరించిందనుకుందాం. అదే బిల్డింగులో రెండో అంతస్తు ఫ్లాటు రెండు నెలల కింద 20,500కు పోయింది. పక్క వీధిలో కప్‌బోర్డులు, ఏసీ ఉన్నది 21,500. ఎదురు బిల్డింగులో 22,000 అడుగుతున్న ఫ్లాటుకు ఆరు వారాలుగా టు-లెట్ బోర్డు దిగలేదు. ఈ మూడోది చాలా విలువైన సమాచారం. ఓనరు అడుగుతున్న ధరకు ఆ వీధిలో ఎవరూ రావడం లేదని అది చూపిస్తోంది. మూడు ఇళ్లు చాలు. పదిహేను స్క్రీన్‌షాట్లు పంపితే ఓనరు ఒక్కటీ చదవడు, పైగా వాటిలో ఒకటి తప్పని తేలితే మిగతావన్నీ పోతాయి. ఫోటోలు లేకుండా మరీ చవకగా కనిపించే ప్రకటనలను వదిలేయడం మంచిది. ఫోన్ చేస్తే 'అది అయిపోయింది, వేరేది చూపిస్తా' అనే బ్రోకరు పెట్టినవి అవి.

జర్మనీలో ఈ పద్ధతి చట్టంలోనే ఉంది. అక్కడ పాత అద్దెదారుకు అద్దెను స్థానిక స్థాయికి పెంచాలంటే ఓనరు కారణం చూపించాలి. నగరం ప్రచురించే అద్దెల పట్టికను చూపవచ్చు, లేదా అలాంటివే మూడు ఇళ్లను పేర్కొనవచ్చు. అక్కడ రుజువు చూపే పని ఓనరుది. మన దగ్గర అలాంటి పట్టిక లేదు కాబట్టి ఆ మూడు ఇళ్లను వెతికే పని అద్దెదారు మీద పడింది.

ఆధారం ఎదురు తిరిగే సందర్భం

ఎక్కువకాలం ఉన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఏడాదికి ఐదు శాతం చొప్పున పెరిగిన అద్దె, ఊరి అద్దెలు ఒక్కసారిగా ఎగిరినప్పుడు మార్కెట్ కన్నా కిందే ఉండిపోతుంది. హైదరాబాద్ పడమటి వైపు ఇది కళ్లముందే జరిగింది. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఐటీ ఉద్యోగులు సొంతూళ్లకు వెళ్లినప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో ఫ్లాట్లు ఖాళీ అయ్యాయి. ఓనర్లు తామే అద్దె తగ్గించి ఉన్నవాళ్లను ఆపుకున్నారు. 2022లో ఆఫీసులు తెరుచుకున్నాక పరిస్థితి తిరగబడింది, ఉన్న ఇల్లు దక్కించుకోవడమే కష్టమైంది. అప్పటి తక్కువ అద్దెతో కొనసాగుతున్నవాళ్లు 'మార్కెట్ చూడండి' అంటే ఓనరు నిజంగానే చూస్తాడు, చూసి ఐదు వేలు పెంచుతాడు.

అందువల్ల ముందు మూడు ఇళ్లను సేకరించాలి, వాటిని బయటపెట్టాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవాలి. తాను ఇచ్చే అద్దె మార్కెట్‌కు సమానంగానో పైనో ఉంటే ఆధారం చూపించి అద్దె గురించి మాట్లాడవచ్చు. కింద ఉంటే అద్దె ఊసెత్తకూడదు. ఒప్పుకున్న ఐదు శాతం పెంపును తానే ముందుగా ఒప్పుకుని మరమ్మతుల గురించి మాట్లాడాలి.

మరమ్మతు అడగడం ఓనరుకు కూడా సులువైన బేరం. నెలకు వెయ్యి తగ్గిస్తే మొదటి ఏడాది 12,000 పోతుంది. ఆ తర్వాత పెంపులన్నీ తగ్గిన అద్దె మీదే పడతాయి కాబట్టి, ఐదు శాతం చొప్పున మూడేళ్లకు ఆ నష్టం 37,830 అవుతుంది. బాత్రూమ్ లీకేజీ బాగుచేయించడానికి 18,000 అయిందనుకున్నా అది ఒక్కసారి ఖర్చు, పైగా అతని ఆస్తి మీదే పెట్టినది. అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉండి ఇక్కడి ఫ్లాటు అద్దెకిచ్చిన ఓనర్లకైతే డబ్బుకన్నా మనిషి దొరకడమే ఇబ్బంది. ప్లంబరును పిలిచి, దగ్గరుండి పని చేయించి, బిల్లు ఫోటో పంపే అద్దెదారు వాళ్లకు బంగారం. 'పని నేను చేయిస్తాను, ఖర్చు అద్దెలో తగ్గించుకుంటాను' అనే ప్రతిపాదన అలాంటి ఇళ్లలో మొదటి ఫోన్‌లోనే ఒప్పందమవుతుంది.

ఏ పని ఎవరిది?

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ పంపకాన్ని పట్టికగా ఇచ్చింది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడల సున్నం, తలుపులు కిటికీల రంగు, అవసరమైనప్పుడు నీటి పైపులు మార్చడం, కరెంటు వైరింగు ఓనరువి. కుళాయిలు, వాటి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, గీజరు, కిటికీ అద్దాలు, తాళాలు, డ్రైనేజీ శుభ్రం చేయడం అద్దెదారువి. ఓనరు తన వంతు చేయకపోతే అద్దెదారే చేయించి అద్దెలో పట్టుకోవచ్చు, కానీ ఏ నెలలోనూ అద్దెలో సగానికి మించి పట్టుకోకూడదు. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదన్నదీ అందులోనే ఉంది. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటేనే అమలవుతుంది. అయినా మాట్లాడుకునేటప్పుడు ఇద్దరికీ న్యాయంగా కనిపించే గీత ఇది, అగ్రిమెంటులో ఈ పట్టికనే రాసుకోవడానికి అడ్డేమీ లేదు.

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది గానీ, కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలకు అది వర్తించదు. అంటే ఈనాటి ఫ్లాట్లు దాదాపు అన్నీ దాని బయటే. వాటికి మిగిలింది అగ్రిమెంటు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఆ పాత చట్టంలోని 108వ సెక్షన్ అద్దెదారుకు ఒక పనికొచ్చే హక్కునిస్తుంది. ఓనరు తాను చేయించాల్సిన మరమ్మతును నోటీసు అందాక కూడా సమంజసమైన గడువులో చేయించకపోతే, అద్దెదారు చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి తగ్గించుకోవచ్చు. ఇక్కడ 'నోటీసు' ముఖ్యం, 'చేయించాల్సిన' అన్నది ఇంకా ముఖ్యం. ఏ మరమ్మతు ఓనరుదో అగ్రిమెంటు చెప్పకపోతే ఈ హక్కు వాదనగా మిగిలిపోతుంది. చెప్పాపెట్టకుండా అద్దె ఆపేసినవాళ్లు మాత్రం బాకీదారులుగా మారి, తామే తప్పు చేసినవాళ్లుగా నిలబడాల్సి వస్తుంది.

మరమ్మతు అడిగేటప్పుడు కారణం తెలుసుకుని అడగడం ఫలితాన్ని మార్చేస్తుంది. బెడ్రూం గోడకు చెమ్మ పట్టి, రంగు పొక్కులు లేచి, తెల్లటి ఉప్పు రాలుతోందనుకుందాం. 'గోడ పాడైంది, రంగు వేయించండి' అంటే ఓనరు రంగు వేయిస్తాడు, వచ్చే వానాకాలానికి పొక్కులు మళ్లీ లేస్తాయి. నీరు ఎక్కడినుంచి వస్తోందో ముందు చూడాలి. వానలప్పుడే చెమ్మ పెరిగితే బయటి గోడ పగుళ్లో, పైకప్పో అనుమానించాలి. ఏడాది పొడవునా ఒకేలా ఉండి, పైన బాత్రూమ్ ఉన్న చోటే కనిపిస్తే పై ఫ్లాటు నేల కారుతున్నట్టు. పైవాళ్ల అనుమతితో వాళ్ల బాత్రూమ్‌లో నీళ్లు బయటికి పోయే గొట్టం మూసి నేల మీద ఒక రోజు నీళ్లు నిలిపితే, కింద చెమ్మ పెరిగిందో లేదో తెలిసిపోతుంది. అలా తేలితే ఖర్చు మీ ఓనరుది కాదు, పై ఫ్లాటు ఓనరుది. దాన్ని అసోసియేషన్ ద్వారా అడిగించాలి. ఈ ఒక్క పరీక్ష చేసి మాట్లాడే అద్దెదారు మాటను ఓనరు తేలిగ్గా తీసిపారేయలేడు.

మాట, కాగితం

గడువుకు రెండు నెలల ముందు మాట్లాడటం మంచిది. మరీ ముందైతే ఓనరు పట్టించుకోడు, చివరి వారంలో అయితే అద్దెదారుకు వెళ్లే దారి లేదని తెలిసిపోతుంది. అద్దె ఆలస్యమైన నెలలో అసలు మాట్లాడకూడదు. మాట తీరు కూడా సాదాసీదాగా ఉండాలి. 'అంకుల్, నాలుగేళ్లుగా ఉంటున్నాం, ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉండాలని ఉంది. మన బిల్డింగులోనే సెకండ్ ఫ్లోర్ మొన్న 20,500కు ఇచ్చారు. మేం 21,000 ఇస్తాం, రెండేళ్లూ అదే ఉంచండి. బాత్రూమ్ లీకేజీ మాత్రం వానలకు ముందు చేయించండి.' ఈ నాలుగు మాటల్లో ఆధారం ఉంది, ఓనరుకు కావలసిన భరోసా ఉంది, అతను ఒప్పుకోగలిగిన అంకె ఉంది. 'ఇల్లు ఖాళీ చేస్తాం' అన్న మాట లేదు, ఉండనక్కర్లేదు.

అన్నిసార్లూ ఇది ఫలించదు. ఓనరు ఇల్లు అమ్మాలనుకుంటున్నా, కొడుకు పెళ్లికి కావాలనుకుంటున్నా ఏ లెక్కా అతన్ని కదిలించదు. మెట్రో స్టేషన్ పక్కనో, కొత్త ఆఫీసు ఎదురుగానో రోజుకు నలుగురు అడిగే ఇంటికి ఖాళీ భయం ఉండదు. అలాంటి చోట్ల దొరికేది చిన్న మరమ్మతు వరకే.

కుదిరినదాన్ని అదే రోజు వాట్సాప్‌లో రాసి 'సరే' అనిపించుకోవాలి, తర్వాత అగ్రిమెంటులోకి ఎక్కించాలి. 11 నెలల అగ్రిమెంటులో రెండో ఏడాది అద్దెను రాసుకున్నా అది రిజిస్టర్ చేసిన రెండేళ్ల లీజుతో సమానం కాదు, మాట మీద నిలబడే ఓనరు దగ్గరే అది పనిచేస్తుంది. ఇంకో వాక్యం కూడా చూసుకోవాలి. హైదరాబాద్ అగ్రిమెంట్లలో ఖాళీ చేసేటప్పుడు రంగుల కింద ఒక నెల అద్దె పట్టుకుంటామని తరచుగా ఉంటుంది. ఆరు నెలలున్నవాళ్లకూ ఆరేళ్లున్నవాళ్లకూ ఒకే కోత న్యాయం కాదు. వాడుకలో సహజంగా వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. రెన్యువల్ అగ్రిమెంటు టైపు చేయించే రోజున 'మూడేళ్లు దాటి ఉంటే రంగుల కోత ఉండదు' అన్న వాక్యం చేర్చమని అడగండి. ఆ రోజు ఓనరు జేబులోంచి పోయేది ఏమీ ఉండదు కాబట్టి ఒప్పుకోవడం సులువు. ఖాళీ చేసే రోజున ఆ వాక్యం విలువ ఒక నెల అద్దె.